గొంతునొప్పి కాస్తా గుండెనొప్పయింది!

కాకినాడలో ఆ గుండె డాక్టరు కాగితం చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

‘మాస్టారూ, చిన్నప్పుడే మీకు గుండెనొప్పి ఉండేదా?’

‘నాకాండీ! పన్నెండో ఏట ఏటికి ఎదురీదేవాణ్ణి’ అన్నారు ఎదురుగా కూర్చున్న పెద్దాయన.

‘మరి ఇందులో బాల్యంలో పదేపదే యాంజైనా వచ్చేదని రాశారే?’

ఆ కాగితం ఫ్రాన్సు నుంచి వచ్చింది. అసలు ఫ్రెంచిలో ఉంటే దాన్ని ఇంగ్లిషులోకి మార్పించి తెచ్చారు. చిక్కంతా ఆ మార్పించడంలోనే ఉంది. యాంజైనా ఒక్కటే అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ అదే కాగితం ఆ పెద్దాయన చేత వారం రోజులపాటు వేసుకోకూడని మాత్ర వేయించింది. ఆపకూడని మాత్ర ఆపించబోయింది కూడా!

ఆ కుటుంబం కోరిక మీద పేర్లు రాయడం లేదు. పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టారు. వయసు 64. షుగరు, బీపీ ఎప్పట్నుంచో ఉన్నాయి. కొడుకు ఉద్యోగం తూలూజ్‌లో. కొన్నాళ్లు ఉందామని భార్యతో కలిసి వెళ్లారు. మూడోవారంలో ఓ రాత్రి ఛాతీలో బరువు, చెమటలు. కొడుకు 15 నంబరుకు ఫోన్ చేశాడు. ఫ్రాన్సులో అత్యవసర వైద్యానికి అదే నంబరు. అక్కడ పెద్ద కేసనిపిస్తే అంబులెన్సులో డాక్టరే వస్తారు. గంటన్నరలో స్టెంటు పడింది. అయిదోరోజున ఇంటికి పంపించారు. చేతిలో రెండు కాగితాలు పెట్టారు. ఒకటి డిశ్చార్జి ఉత్తరం, రెండోది మందుల చీటీ.

ఆ ఉత్తరాన్ని అక్కడ ‘లెత్ర్ ద లియెజోఁ’ అంటారు. ఆస్పత్రి డాక్టరు బయటి డాక్టరుకు రాసే ఉత్తరమన్నమాట. రోగి ఇంటికి వెళ్లే రోజునే అతని చేతికి ఇవ్వాలని 2016లో ఉత్తర్వు తెచ్చారు. 2017 జనవరి నుంచి అమలవుతోంది. ఫ్రెంచి డాక్టరు ఫ్రెంచి డాక్టరు కోసం రాసే ఉత్తరం కదా, సగం మాటలు పొడి అక్షరాలే ఉంటాయి. వాళ్లకు అది ఇబ్బంది కాదు. మనకే!

మూడువారాల విశ్రాంతి తర్వాత మాస్టారు దంపతులు కాకినాడ వచ్చేశారు. కొడుక్కి దుకాణంలో, బస్సులో సరిపోయే ఫ్రెంచి వచ్చుగానీ, ఆఫీసులో అంతా ఇంగ్లిషే. దాంతో ఉత్తరం ఫొటో తీసి హైదరాబాదులో ఉన్న మేనల్లుడికి పంపాడు. ఆ అబ్బాయి ఇంటర్లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో మీకు చెప్పక్కర్లేదు... మార్కుల కోసం! పాపం, నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుని చేశాడు. మామయ్య మీద ప్రేమకు వంక పెట్టలేం. తప్పులకు మాత్రం ఆ ప్రేమతో పనిలేదు.

గుండె డాక్టరు ఆ కాగితాన్ని పక్కన పెట్టి, ‘ఇది కాదండీ, వైద్యం తెలిసినవాళ్లతో చేయించుకు రండి’ అన్నారు. అలా ఆ కాగితాలు యానాం చేరాయి.

1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు కదా, అక్కడ ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఫ్రెంచి వినిపిస్తుంది. మాస్టారి పాత శిష్యుడొకరు అక్కడున్న ఓ అనువాదకురాలి సంగతి చెప్పారు. ఆమె పుదుచ్చేరిలో ఫ్రెంచి చదివి, ఏళ్లుగా ఆస్పత్రి కాగితాలే అనువదిస్తున్నారు. ఆ రెండు కాగితాల్ని ఆమె ఎలా విప్పారో పక్కన కూర్చుని చూసే అవకాశం ఈ రచయితకు దొరికింది.

ముందు కలం పట్టరు!

ఆమె మొదటి అరగంట ఒక్క మాట కూడా రాయలేదు. ఉత్తరం మొత్తం చదివారు. పెన్సిలుతో ప్రతి పొడి అక్షరం కింద గీత గీశారు. పక్కన మార్జిన్‌లో అది ఏ శీర్షిక కింద వచ్చిందో రాసుకున్నారు. పాత జబ్బుల దగ్గరా, పరీక్షల దగ్గరా, మందుల దగ్గరా అని.

‘ఎందుకండీ ఇంత?’ అని అడిగితే, ఉత్తరంలో రెండుచోట్ల చూపించారు. రెండుచోట్లా ‘పీఏ’ అనే ఉంది. మొదటిచోట ‘పొగాకు, 20 పీఏ, మానేశారు’ అని. రెండోచోట ‘పీఏ 14/8’ అని. మొదటి పీఏ అంటే పాకె-అన్నె, అంటే పెట్టె-సంవత్సరాలు. రోజుకో సిగరెట్టు పెట్టె చొప్పున ఇరవయ్యేళ్లు తాగితే 20 పీఏ. రెండో పీఏ అంటే రక్తపోటు. ఒకే పేజీలో ఒకే అక్షరాలకు రెండర్థాలు. అలవాట్ల కింద ఉంటే సిగరెట్లు, గుండె చప్పుడు, నాడి లెక్కల పక్కన ఉంటే బీపీ. చోటు తెలియకుండా అక్షరం తెలుసుకోలేం.

మేనల్లుడు రెండింటినీ బీపీ అనే రాశాడు. దాంతో ‘పొగాకు, 20 బీపీ’ అన్న వింత వాక్యం తయారైంది.

ఆ 14/8 చూసి లెక్కల మాస్టారు విమానంలోనే కంగారుపడ్డారట. ‘నా బీపీ పద్నాలుగేంటే, ఇంక నేనున్నట్టా లేనట్టా?’ అని భార్యను అడిగారట. అందులో తప్పేమీ లేదు. మనం పాదరసం ఎత్తును మిల్లీమీటర్లలో చెబుతాం. ఫ్రెంచివాళ్లు చాలాచోట్ల సెంటీమీటర్లలో చెబుతారు. పద్నాలుగు సెంటీమీటర్లంటే నూటనలభై మిల్లీమీటర్లే. అంటే 140/80. అనువాదంలో దాన్ని అలా మార్చి రాయకపోతే, అత్యవసర విభాగంలో రాత్రిపూట చదివే డాక్టరు ఓ క్షణం తికమక పడతారు.

ఇక యాంజైనా సంగతి. ఉత్తరంలో ఉన్న మాట ‘ఆంజిన్’. ఫ్రెంచిలో దానర్థం గొంతునొప్పి... టాన్సిల్స్ వాచి, మింగుడుపడకుండా వస్తుందే, అదీ! గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పిని వాళ్లు ‘ఆంగోర్’ అంటారు. ఇంగ్లిషులో గుండెనొప్పికి ఉన్న పేరు ఫ్రెంచిలో గొంతునొప్పి పేరులాగే ఉండటంతో మేనల్లుడు బోల్తా పడ్డాడు.

‘కానీ తప్పని తెలిసే గుర్తు అక్కడే ఉందండీ’ అంటూ ఆమె పక్క మాట చూపించారు. ‘అమిగ్దలెక్తొమీ’ అని ఉంది. టాన్సిల్స్ తీసేసే ఆపరేషన్ అది. పన్నెండో ఏట పదేపదే గొంతునొప్పి వస్తుంటే టాన్సిల్స్ తీశారు. అదీ విషయం. గుండెనొప్పికి టాన్సిల్స్ తీసేవాళ్లెవరూ ఉండరు కదా! పక్కపక్కనున్న రెండు మాటలు ఒకదానికొకటి పొసగకపోతే, రెండింట్లో ఒకటి తప్పుగా అర్థమైందని లెక్క.

గుండెపోటు ఒకటా, రెండా?

అన్నింటికన్నా ఆమె ఎక్కువసేపు ఆగింది గుండె స్కానింగు నివేదిక దగ్గర. అందులో ‘ఐఎం, స్వల్పం’ అని ఉంది. మేనల్లుడు దాన్ని ‘ఎంఐ, స్వల్పం’ అని మార్చాడు. అతని తర్కం ఏంటంటే, ఫ్రెంచిలో మాటల క్రమం ఇంగ్లిషుకు తిరగబడి ఉంటుంది కాబట్టి అక్షరాలూ తిరగబడతాయని. చాలాసార్లు అది నిజమే. వాళ్ల వీఐహెచ్ మన హెచ్ఐవీ. వాళ్ల ఐఆర్ఎం మన ఎంఆర్ఐ. కానీ ఇక్కడ నిజం కాదు.

ఇంగ్లిషులో ఎంఐ అంటే గుండెపోటు. ఫ్రెంచిలో గుండెపోటుకు రాసే అక్షరాలు ఐడీఎం. ఆ ఉత్తరం మొదటి పేజీలో ఐడీఎం అని స్పష్టంగానే ఉంది. గుండె ముందు గోడకు వచ్చిన పెద్ద పోటు. మరి స్కానింగులో ఉన్న ఐఎం? అది గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం కాస్త లీకవడం. ఫ్రెంచి డాక్టర్లు దాన్ని కవాటం ‘చాలకపోవడం’ అంటారు, ఆ మాటలోంచి ఐ వచ్చింది. ఇంగ్లిషులో అదే ఎంఆర్. ఇక ఇవే అక్షరాలు మందుల దగ్గర కనిపిస్తే కండలోకి ఇచ్చే ఇంజెక్షన్ అని అర్థం!

అందువల్ల ఏమయిందో చూడండి. మేనల్లుడి కాగితం చదివితే మాస్టారికి మొదటి పేజీలో పెద్ద గుండెపోటు, రెండో పేజీలో చిన్న గుండెపోటు వచ్చినట్టుంది. కాకినాడ డాక్టరుకు సహజంగానే అనుమానం వచ్చింది. స్టెంటు వేశాక ఆస్పత్రిలో ఉండగానే మళ్లీ పోటు వచ్చిందా? వచ్చిందంటే స్టెంటు మూసుకుపోయిందా? నిజానికి రెండో పోటు లేనే లేదు. చిన్న లీకు ఉంది, అంతే!

స్టెంటు ఎక్కడ వేశారన్న మాట కూడా ఇలాంటిదే. ఉత్తరంలో ‘ఐవీఏ’ అని ఉంది. గుండె ముందువైపు దిగే ప్రధాన ధమనికి ఫ్రెంచి పేరులోని మొదటి అక్షరాలవి. మన డాక్టర్లు దాన్ని ఎల్ఏడీ అంటారు. మేనల్లుడు అర్థంకాక ఐవీఏ అని అలాగే వదిలేశాడు. అర్థంకానిది అలాగే వదిలేయడం తప్పు కాదంటారామె. ‘ఊహించి రాయడం కంటే అదే వెయ్యి రెట్లు నయం. కాకపోతే, ఇది నాకు తెలియలేదు, అసలులో ఇలా ఉంది అని పక్కన రాయాలి. అప్పుడు చదివే డాక్టరు జాగ్రత్త పడతారు.’

‘రెలే’ అంటే తోడుగా కాదు

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం.

ఫ్రాన్సు వెళ్లేముందు మాస్టారు బీపీకి టెల్మిసార్టాన్ వాడేవారు. గుండెపోటు తర్వాత అక్కడి డాక్టర్లు దాన్ని మార్చి రామిప్రిల్ ఇచ్చారు. ఉత్తరంలో దీన్ని ఒకే ఒక్క పంక్తిలో రాశారు. టెల్మిసార్టాన్, ‘రెలే పార్’ రామిప్రిల్. నిఘంటువులో ‘రెలే’ అంటే రిలే అనే ఉంటుంది. రిలే పరుగులో ఒకరి వెంట ఒకరు పరిగెడతారు కదా అనుకుని మేనల్లుడు ‘టెల్మిసార్టాన్, తోడుగా రామిప్రిల్’ అన్న అర్థం వచ్చేలా రాశాడు.

రిలే పరుగు గుర్తుచేసుకోవడం వరకూ సరైనదే. కానీ ఆ పరుగులో కర్ర చేతికిచ్చాక మొదటివాడు ఆగిపోతాడు! ఫ్రెంచి వైద్యంలో ఆ మాటకు అర్థం అదే. ఈ మందు ఆపి, దాని స్థానంలో ఆ మందు మొదలుపెట్టామని.

ఇంట్లో పాత టెల్మిసార్టాన్ పెట్టె ఉండనే ఉంది. కాగితంలో రాసింది కదా అని మాస్టారి భార్య రెండూ వేశారు. ఆరు రోజులు! రెండూ దాదాపు ఒకే దారిలో పనిచేసే మందులు. కలిపి వేస్తే బీపీ మరీ పడిపోతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, మూత్రపిండాల మీద భారం పడుతుంది. మాస్టారికి మంచం మీంచి లేస్తే కళ్లు తిరిగేవి. ప్రయాణ బడలిక అనుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లినరోజు మందుల సంచీ బల్లమీద బోర్లిస్తే, ఆయన మొదట చూసింది ఈ రెండు పెట్టెలే. ‘రెండూ వాడమని ఎవరు చెప్పారు?’ అనడిగారు. టెల్మిసార్టాన్ ఆ పూటే ఆపించారు. రక్తపరీక్షలో పొటాషియం కొంచెం పెరిగింది. నాలుగు రోజుల్లో మళ్లీ దిగింది. అదృష్టం.

ఒక నెలకా, పన్నెండు నెలలకా?

డాక్టరు ఆరోజే పట్టుకోలేకపోయిన తప్పు మరొకటి ఉంది.

స్టెంటు వేసినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా రెండు మందులు ఇస్తారు. ఒకటి ఆస్పిరిన్. రెండోది మాస్టారి విషయంలో టికాగ్రెలార్. గుండెపోటు వచ్చి స్టెంటు వేస్తే మామూలుగా ఈ జోడీని ఏడాది వాడతారు. ముందే ఆపేస్తే కొత్త స్టెంటులో గడ్డకట్టే ప్రమాదం ఉంది. అది ప్రాణాల మీదికొస్తుంది.

మేనల్లుడి అనువాదంలో మాత్రం ప్రతి మందు పక్కనా ‘1 నెల వరకు’ అని ఉంది. మందుల పెట్టెల్లో చూస్తే మాత్రలు సరిగ్గా అయిపోవస్తున్నాయి. ‘ఎల్లుండితో కోర్సు పూర్తవుతుందండీ’ అన్నారు మాస్టారి భార్య, సంతోషంగా.

డాక్టరుకు అది మింగుడుపడలేదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. ఎందుకంటే రక్తస్రావమయ్యే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లకు ఈ జోడీని ముందే ఆపించడం ఉంది. తూలూజ్‌లో అలాంటిదేమైనా చూశారా? మాస్టారికి కడుపులో పుండేమైనా బయటపడిందా? ఫ్రెంచి రాకపోతే ఎలా తెలుస్తుంది! ‘అసలు సంగతి తేలేదాకా మాత్ర ఆపొద్దు, నేను ఇక్కడి మందు రాసిస్తాను’ అని చీటీ రాసి పంపారు.

మందుల చీటీలో ఉన్న అసలు మాట ‘క్యూఎస్పీ 1 నెల’. అనువాదకురాలు దాన్ని చూడగానే నవ్వేశారు. క్యూఎస్పీ అంటే ‘ఇన్నాళ్లకు సరిపడా పరిమాణం’ అని. అది రోగికి చెప్పే మాట కాదు, మందుల షాపువాడికి చెప్పేది. ఫ్రాన్సులో సాధారణంగా ఒకసారికి నెలకు సరిపడా మందులే ఇస్తారు. మళ్లీ నెల వెళ్లి తెచ్చుకోవాలి. కాబట్టి అది చికిత్స గడువు కాదు, కవరులో వేసే మాత్రల లెక్క.

మరి చికిత్స గడువు ఎక్కడుంది? ఉత్తరం చివర ముగింపు పేరాలో. ‘డీఏపీ 12 నెలలు’ అని. డీఏపీ అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే జంట మందులు. ఇంగ్లిషులో డీఏపీటీ. మేనల్లుడికి అది అర్థంకాక అక్షరాలు అలాగే ఉంచేశాడు. ఎరువు పేరు అనుకున్నాడో ఏమో! ఒక కాగితంలో పన్నెండు, ఇంకో కాగితంలో ఒకటి. ‘ఒకే డాక్టరు ఒకేరోజు రాసిన రెండు కాగితాల్లో అంకెలు కొట్టుకుంటున్నాయంటే, అవి ఒకే విషయం గురించి కావు’ అన్నారామె. అదే రాత్రి కాకినాడ డాక్టరుకు ఫోన్ చేసి ఆ ఒక్క ముక్కా ముందుగా చెప్పేశారు. మిగతా అనువాదం మర్నాడు వెళ్లింది.

ఎనిమిది పెట్టెలు... పదిహేను మందులు!

మేనల్లుడి జాబితాలో మొత్తం పదిహేను మందులున్నాయి. మాస్టారి భార్య చేతిలో ఉన్నవి ఎనిమిది పెట్టెలే. మిగతా ఏడూ ఎక్కడ పోయాయని ఆవిడ కొడుక్కి ఫోన్ మీద ఫోన్.

అవి ఎక్కడా పోలేదు. ఉత్తరంలో మందుల్ని బ్రాండు పేర్లతో రాశారు. టాహోర్, బ్రిలిక్, ట్రియాటెక్, కార్డెన్సియెల్... ఇలా. మందుల చీటీలో మాత్రం అసలు మందు పేర్లు ఉన్నాయి. ఫ్రాన్సులో 2015 నుంచి చీటీ మీద అసలు పేరు రాయడం తప్పనిసరి చేశారు. మేనల్లుడు ఇవీ అవీ వేర్వేరనుకుని రెండు జాబితాలూ కలిపేశాడు. బ్రాండు లేకుండా రాసిన మెట్‌ఫార్మిన్ ఒక్కటే రెండుచోట్లా ఒకేలా ఉంది కాబట్టి అది ఒక్కసారే పడింది.

ఇక్కడ ఓ చిన్న సంగతి చెప్పుకోవాలి. ప్రతి మందుకూ ప్రపంచమంతా చెల్లే ఒక పేరుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి ఈ పేర్ల జాబితాలు ప్రకటిస్తోంది. ఫ్రెంచివాళ్లు దాన్ని డీసీఐ అంటారు. బ్రాండు పేరు మాత్రం దేశం దాటితే దేనికి చెల్లుతుందో చెప్పలేం. ఫ్లోమాక్స్ అనే పేరునే తీసుకోండి. అమెరికాలో అది ప్రొస్టేట్ మందు. ఇటలీలో అదే పేరుతో వాపు తగ్గించే మందు అమ్మేవారు. ఇలాంటి పేర్ల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో ప్రజల్ని హెచ్చరించింది కూడా.

అనువాదకురాలు ఒక్కో బ్రాండునూ విడివిడిగా వెతికారు. ఫ్రాన్సు ప్రభుత్వం నడిపే మందుల సమాచార నిధి ఒకటుంది, ఎవరైనా చూడొచ్చు. 1914 నుంచి వస్తున్న ‘విదాల్’ అనే మందుల నిఘంటువు ఇంకోటి. రెండుచోట్లా ఒకే సమాధానం వస్తేనే రాస్తారు. టాహోర్ అంటే అటోర్వాస్టాటిన్. బ్రిలిక్ అంటే టికాగ్రెలార్. ట్రియాటెక్ రామిప్రిల్. కార్డెన్సియెల్ బిసోప్రొలాల్. ఇనిపాంప్ పాంటోప్రజోల్. నాలుక కింద కొట్టుకునే నాటిస్ప్రే నైట్రోగ్లిసరిన్. దీనికి ఫ్రెంచివాళ్ల వాడుక పేరు ‘త్రినిత్రిన్’. మన డాక్టర్లు జీటీఎన్ అంటారు.

ఎక్కువ పని పెట్టింది కార్డెజిక్. మేనల్లుడు దాన్ని ‘కార్డెజిక్ పౌడరు’ అని రాస్తే కాకినాడ మందుల షాపులో అలాంటి పౌడరే లేదన్నారు. అది నీళ్లలో కలుపుకుని తాగే ఆస్పిరిన్! త్వరగా కరగడానికి ఆస్పిరిన్‌ను లైసిన్‌తో కలిపి చేస్తారు. పొట్లంలో ఆ కలిసిన పదార్థం 135 మిల్లీగ్రాములుంటుంది. అందులో ఆస్పిరిన్ లెక్క 75 మిల్లీగ్రాములు. పెట్టెమీద ‘75’ అని ఉండేది ఆస్పిరిన్ లెక్కే. ఎవరైనా పెట్టె వెనక చిన్నక్షరాలు చదివి 135 అని రాస్తే మోతాదు తప్పినట్టే. ఆమె ‘ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు, లైసిన్ రూపంలో, నీళ్లలో కలిపే పొట్లం, ఫ్రెంచి బ్రాండు కార్డెజిక్’ అని మొత్తం రాశారు.

బ్రాండు పేరు కూడా ఎందుకు ఉంచుతారంటే, రోగి చేతిలో ఉన్న పెట్టె మీద ఉండొచ్చు కాబట్టి. డాక్టరు పెట్టెనూ కాగితాన్నీ పోల్చి చూసుకుంటారు. అయితే ఆమె భారతీయ బ్రాండు పేరు మాత్రం ఎప్పుడూ రాయరు. ‘ఇక్కడ అదే మందు ఏ కంపెనీది కొనాలో, అసలు అదే మందు కొనసాగించాలో లేదో చెప్పాల్సింది డాక్టరు. నేను చెబితే వైద్యం చేసినట్టవుతుంది’ అంటారు. నాటిస్ప్రే బదులు ఇక్కడ చాలామంది దగ్గరుండే నాలుక కింది మాత్ర రాయమని మాస్టారి కొడుకు అడిగాడు కూడా. ఆమె ఒప్పుకోలేదు. అది వేరే మందు మరి!

చదివేది ఎవరన్నదీ ఆమె ముందే అడుగుతారు. ఫ్రాన్సులో ఇంటింటా ఉండే డోలిప్రాన్ అంటే మన పారాసిటమాల్. కానీ అనువాదం అమెరికా డాక్టరు కోసమైతే ఎసిటమినోఫెన్ అని రాయాలి. అక్కడ పారాసిటమాల్ అంటే తెలియనివాళ్లు ఎదురుకావొచ్చు.

కామా చేసిన పని

ఆఖరున అంకెలు. ఫ్రెంచివాళ్లు దశాంశ బిందువు పెట్టరు, కామా పెడతారు. మనం 1.25 అని రాసేది వాళ్లు 1,25 అని రాస్తారు. ఉత్తరాన్ని ఫోన్లో ఫొటో తీసి, దాన్ని ప్రింటు తీసి, ఆ ప్రింటుకు జిరాక్సు తీసేసరికి బిసోప్రొలాల్ దగ్గర కామా మాయమైపోయింది. మేనల్లుడు 125 మిల్లీగ్రాములు అని టైపు చేశాడు. రోజుకు పది మిల్లీగ్రాములు దాటడమే అరుదైన మందు అది. కాబట్టి దాన్ని ఏ డాక్టరైనా తప్పని పట్టేస్తారు. లెక్కల మాస్టారు కూడా పెట్టెమీద 1,25 అని చూసి, ‘వందరెట్లు తేడా ఉందేంటి?’ అని ముందే పట్టుకున్నారు. కానీ ప్రతి మందూ అలా దొరకదు. 2,5 కాస్తా 25 అయితే, కొన్ని మందులకు ఆ మోతాదూ ఉంటుంది. అప్పుడు ఎవరికీ అనుమానం రాదు.

అందుకే ఆమె జిరాక్సు మీద పనిచేయరు. అసలు కాగితం గానీ, ఆస్పత్రి ఇచ్చిన ఫైలు గానీ కావాలంటారు. అది పోయిందా, ఆస్పత్రిని అడగాల్సిందే. 2002లో వచ్చిన చట్టం ప్రకారం ఫ్రాన్సులో రోగి తన వైద్య రికార్డు తానే అడిగి తీసుకోవచ్చు. అడిగిన ఎనిమిది రోజుల్లో ఇవ్వాలి. అయిదేళ్లకు పైబడిన రికార్డయితే రెండు నెలల గడువు.

అనువాదంలో దశాంశానికి బిందువే పెడతారు. 0,30 ఉంటే 0.3 అని రాస్తారు. ముందు సున్నా తప్పకుండా ఉంచుతారు. ఉత్త .3 అని రాస్తే బిందువు కనబడక 3 అవుతుంది. వెనక సున్నా తీసేస్తారు. 5.0 అని రాస్తే అది 50లా కనిపించొచ్చు. ఇన్సులిన్‌లాంటి వాటిని యూనిట్లలో కొలుస్తారు కదా, ఫ్రెంచిలో వాటికి ‘యూఐ’ అని రాస్తారు. దాన్ని తిరగేసి ఐయూ అని రాయొచ్చుగానీ ఆమె రాయరు, ‘యూనిట్లు’ అని పూర్తిగా రాస్తారు. చేతిరాతలో ఐయూ చూసి నరంలోకి ఇవ్వమనే ఐవీ అనుకునే ప్రమాదం ఉంది.

రక్తపరీక్షల దగ్గర కొలతలు వేరు. మాస్టారి షుగరు 1,80 అని ఉంది. లీటరుకు గ్రాముల్లో అన్నమాట. మన లెక్కలో 180. క్రియాటినిన్ 97 అని చూసి కంగారుపడక్కర్లేదు, అది మైక్రోమోల్స్‌లో ఉంది. 88.4తో భాగిస్తే మన లెక్కలో 1.1 వస్తుంది. ఆమె ముందు అసలు అంకెను దాని కొలతతో సహా ఉన్నదున్నట్టు రాసి, మార్చిన అంకెను ‘అనువాదకురాలి లెక్క’ అని పక్కన విడిగా రాశారు. లెక్కలో తప్పు జరిగినా అసలు అంకె చెడిపోకూడదని!

అంతా అయ్యాక ఇంట్లోవాళ్లను ఒకర్ని పిలిచారు. ఆమె ఫ్రెంచి కాగితంలోంచి అంకెలు మాత్రం పైకి చదివారు. అవతలివాళ్లు ఇంగ్లిషు కాగితంలో వేలుపెట్టి చూసుకుంటూ పోయారు. మందు, మోతాదు, రోజుకెన్నిసార్లు, ఎన్నాళ్లు. ఇరవై నిమిషాలు పట్టింది. తేదీ ఒక్కటే తప్పు దొరికింది, ఆమెదే! 11ను 17 అని కొట్టారు. దిద్దుకున్నారు.

ఆ అనువాదంలో ఒక పొడి అక్షరం మాత్రం విప్పకుండానే మిగిలింది. పేజీ అడుగున, డాక్టరు సంతకం పక్కన మూడక్షరాలు. ఆ ఆస్పత్రిలో ఏదో విభాగం పేరై ఉంటుంది. ‘అసలులో ఇలాగే ఉంది, విప్పలేదు’ అని రాసి వదిలేశారు.

మాస్టారు ఇప్పుడు పొద్దున్నే నలభై నిమిషాలు నడుస్తున్నారు. టికాగ్రెలార్ పన్నెండో నెల దాకా వాడాలని క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకున్నారు. మేనల్లుడు ఫోన్ చేసి ‘సారీ మామయ్యా’ అంటే, ‘నా టాన్సిల్స్ తీసేసిన యాభయ్యేళ్లకు వాటిని గుండెలో పెట్టావు కదరా’ అని ఆటపట్టిస్తున్నారట.